శనివారం దావా, సోమవారం అమ్మకం

1975 మే 3, శనివారం. తమిళనాడులో ఒక సివిల్ కోర్టులో దావా దాఖలైంది. అంతకు ముందు ఏడాది ఒక ఆస్తిని కొంటామని యజమానితో అగ్రిమెంటు రాసుకున్నవారు, ఆ యజమాని రిజిస్ట్రేషన్ చేయడం లేదు కనుక చేయించమని కోర్టును అడిగారు. మే 5, సోమవారం. అదే యజమాని అదే ఆస్తిని మరొకరికి అమ్మేశాడు. దావాకూ అమ్మకానికీ మధ్య ఉన్నది ఒక్క ఆదివారమే. ఆ వ్యవధిలో కోర్టు సమన్లు యజమానికి చేరే అవకాశమే తక్కువ. ఇక కొత్తగా కొన్న మనిషికి దావా సంగతి ఎవరు చెబుతారు?

ఆ కేసు మద్రాస్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరి, 2008లో తీర్పు వచ్చింది. సోమవారం కొన్న మనిషి మంచి విశ్వాసంతోనే కొన్నాడని కోర్టు అంగీకరించింది. అయినా అతను ఓడిపోయాడు. దావా దాఖలయ్యాక కొన్నాడు కనుక దావా ఫలితం అతన్ని కట్టిపడేస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. మే 2నే కొని ఉంటే పరిస్థితి వేరు. ముందు అగ్రిమెంటు ఉందని తెలియకుండా, నిజాయితీగా డబ్బు చెల్లించి కొన్నవారికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షన్‌లో ఒక రక్షణ ఉంది. దావా పడిన తర్వాత కొన్నవారి విషయంలో ఆ రక్షణ నిలవలేదు. దాన్ని పక్కకు నెట్టిన సూత్రం పేరు లిస్ పెండెన్స్.

సివిల్ న్యాయవాదుల స్మృతికి అంకితమైన ఉపన్యాసాల్లో సాధారణంగా రాజ్యాంగం గురించో మానవ హక్కుల గురించో మాట్లాడతారు. ఈ ఉపన్యాసం మాత్రం ఒక్క సెక్షన్ చుట్టూ తిరుగుతుంది. జిల్లా కోర్టుల్లో నలిగిన ప్రతి న్యాయవాదీ ఈ సెక్షన్ కింద చితికిపోయిన ఒక కుటుంబాన్నయినా చూసి ఉంటాడు. తప్పు అమ్మినవాడిది, ఇల్లు పోయేది కొన్నవాడికి.

లిస్ పెండెన్స్ సూత్రాన్ని చెప్పే ఆ సెక్షన్ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 52వది. స్థిరాస్తి మీద హక్కు నేరుగా, ప్రత్యేకంగా ప్రశ్నకు వచ్చిన దావా నడుస్తుండగా, ఆ దావాలోని ఏ పక్షమూ కోర్టు అనుమతి లేకుండా, రాబోయే డిక్రీ కింద ఎదుటి పక్షానికి దక్కే హక్కులకు భంగం కలిగేలా ఆ ఆస్తిని బదిలీ చేయడానికి వీల్లేదని దాని సారాంశం. దావా ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో 1929లో చేర్చిన వివరణ చెబుతుంది. వాద పత్రం, అంటే ప్లెయింటు, కోర్టులో సమర్పించిన రోజే దావా మొదలు. నోటీసు అందిన రోజు కాదు, స్టే వచ్చిన రోజు కాదు. ముగింపు తీర్పు రోజున రాదు. తుది డిక్రీ వచ్చి, అది పూర్తిగా అమలయ్యేదాకా, లేదా అమలు చేయించుకునే గడువు తీరిపోయేదాకా దావా నడుస్తున్నట్టే లెక్క. అప్పీలు కూడా ఆ దావాకు కొనసాగింపే. కింది కోర్టులో దావా కొట్టేశారని చెప్పి, అప్పీలు పడేలోపు గబగబా అమ్మేసినా ఈ సూత్రం నుంచి తప్పించుకోలేరు.

ఇంత కఠినమైన సూత్రం ఎందుకు? 1857లో ఇంగ్లండులో వచ్చిన బెల్లమీ వర్సెస్ సబీన్ తీర్పులో దీనికి సమాధానం దొరుకుతుంది, మన కోర్టులు నేటికీ దాన్నే ఉదహరిస్తాయి. ఆస్తి కోసం ఒకరు దావా వేస్తే, తీర్పు ముందురోజు ప్రతివాది ఆస్తిని ఇంకొకరికి అమ్మేస్తాడు. వాది ఆ కొత్త మనిషి మీద మళ్లీ దావా వేయాలి. అతను మరొకరికి అమ్ముతాడు. ఇలాగైతే ఏ దావా ఎప్పటికీ తేలదు. అందుకే ఈ సూత్రానికి కొన్నవారికి తెలుసా లేదా అన్నదానితో పని లేదు. దావా సంగతి తెలిసి కొన్నా తెలియక కొన్నా ఫలితం ఒకటే. చట్టం చూసేది కొన్నవారి మనసును కాదు, కోర్టు నిర్ణయానికి విలువ మిగులుతుందా లేదా అన్నదాన్ని.

ఇక్కడ తెలుగు నాట బాగా పాతుకుపోయిన ఒక అపోహను ప్రస్తావించాలి. కేసు ఉందని తెలిసినప్పుడు కూడా మధ్యవర్తి ఒక మాట అంటాడు: స్టే లేదు కదండీ, నిశ్చింతగా కొనుక్కోండి. సబ్ రిజిస్ట్రార్ కూడా రిజిస్ట్రేషన్ చేసేస్తాడు. అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది. కానీ 52వ సెక్షన్ పనిచేయడానికి స్టే అక్కర్లేదు, కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, దావా ఉంటే చాలు. స్టే ఉంటే దాన్ని ధిక్కరించి అమ్మినవాడికి అదనపు చిక్కులు వస్తాయి, అంతే. స్టే లేకపోవడం కొన్నవాడికి రక్షణ కాదు.

దీనికి వ్యతిరేకమైన అపోహ కూడా ఉంది. కేసులో ఉన్న ఆస్తి కొంటే దస్తావేజు చెల్లదని చాలామంది అనుకుంటారు. అదీ సరికాదు. అలాంటి అమ్మకం రద్దు కాదని, డిక్రీకి లోబడి ఉంటుందని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. అమ్మిన పక్షం గెలిస్తే కొన్నవారి హక్కు నిలుస్తుంది. ఓడితే పోతుంది. కొంత గెలిచి కొంత ఓడితే, గెలిచిన మేరకే నిలుస్తుంది. ఈ మూడో పరిస్థితే మన ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే మన కోర్టులకు వచ్చే భూముల దావాల్లో భాగ పంపిణీ దావాలు చాలా ఎక్కువ.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక ఊళ్లో తండ్రి పేరున 6 ఎకరాల భూమి ఉంది. తండ్రి పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, తలా మూడో వంతు, అంటే 2 ఎకరాలు. రికార్డుల్లో పెద్ద కొడుకు పేరు ఎక్కింది. కూతురు తన వాటా కోసం అన్నదమ్ముల మీద దావా వేసింది. దావా నడుస్తుండగా పెద్ద కొడుకు రోడ్డు వైపున ఉన్న 3 ఎకరాలను ఒక ఉద్యోగికి అమ్మాడు. ఈసీలో ఏమీ లేదు, పాసుపుస్తకం పెద్ద కొడుకు పేరునే ఉంది, ధర కూడా కాస్త అనుకూలంగా ఉంది. ఉద్యోగి కొని, చుట్టూ కంచె వేసి, బోరు వేయించాడు.

మూడేళ్లకు ప్రాథమిక డిక్రీ వచ్చింది, తలా 2 ఎకరాలని. ఆ తర్వాత కోర్టు ఒక న్యాయవాదిని కమిషనర్‌గా నియమిస్తుంది. ఆయన సర్వేయర్‌ను వెంటబెట్టుకుని వచ్చి భూమిని మూడు ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎవరిదో నివేదిక ఇస్తాడు. కొన్న ఉద్యోగి భవితవ్యం తేలేది ఇక్కడే. అమ్మిన పెద్ద కొడుక్కి రోడ్డు వైపున 2 ఎకరాలు కేటాయిస్తే ఆ 2 ఎకరాలు ఉద్యోగికి దక్కుతాయి. మూడో ఎకరం మాత్రం ఏ పరిస్థితిలోనూ దక్కదు, అది అమ్మే హక్కే అమ్మినవాడికి లేదు. రోడ్డు వైపు ముక్క చెల్లెలికి పడితే బోరుతో సహా అంతా ఆమెకే వెళ్తుంది. అమ్మినవాడి వాటా ఎక్కడ పడితే అక్కడ ఉద్యోగి సర్దుకోవాలి.

కమిషనర్ ముందు నిలబడి, నేను కొన్న ముక్కను నాకు అమ్మినవాడి వాటాలో వేయండని అడిగే అవకాశం ఉద్యోగికి ఉంది. మిగిలినవారి వాటాలకు అన్యాయం జరగనంతవరకూ కోర్టులు అలాంటి విన్నపాన్ని పరిశీలిస్తాయి. కానీ అడగాలంటే ముందు కేసులో పక్షం కావాలి, పక్షం కావాలంటే కేసు ఉందని తెలియాలి. డబ్బు చేతికొచ్చాక పెద్ద కొడుకు వాయిదాలకు వెళ్లడం మానేస్తాడు. అతని తరఫున మాట్లాడేవారు లేక డిక్రీ ఏకపక్షంగా వచ్చేస్తుంది. కొన్న మనిషికి అసలు సంగతి తెలిసేది కోర్టు అమీనా స్వాధీన వారంటుతో గేటు దగ్గర నిలబడినప్పుడు. అప్పుడు అడ్డుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఒప్పుకోదు. మూడో వ్యక్తులు స్వాధీనాన్ని అడ్డుకుని తమ హక్కు తేల్చమని అడిగే వీలు 21వ ఆర్డర్‌లో ఉంది గానీ, దావా నడుస్తుండగా కొన్నవారికి ఆ వీలు వర్తించదని అదే ఆర్డర్‌లోని 102వ రూలు చెబుతుంది. 2008లోనే మరో కేసులో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది.

భాగ పంపిణీ దావా ఎంతకాలం నడవగలదో హైదరాబాద్ వారికి చెప్పనక్కర్లేదు. ఒక పాయిగా కుటుంబపు ఆస్తుల పంపకం కోసం 1955లో సిటీ సివిల్ కోర్టులో పడిన దావా హైకోర్టుకు బదిలీ అయి సి.ఎస్. 14/1958గా మారింది. 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆ దావాలో చూపిన భూముల్లో హైదర్‌నగర్‌కు సంబంధించిన వివాదం మీద సుప్రీంకోర్టు తీర్పు 2023లో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఊళ్లు కాలనీలయ్యాయి, కాలనీలు నగరమయ్యాయి. ఆ దావాలోని పక్షాల నుంచి, వారి హక్కుదారుల నుంచి ఆశతో కొన్నవారు ఎందరో. ఆ దావాతో సంబంధం లేకుండా వేరే మూలం నుంచి హక్కు పొందినవారి పరిస్థితి వేరు. పక్షాలు కానివారి హక్కును అలాంటి పంపకం డిక్రీ తుడిచేయలేదు. 52వ సెక్షన్ కూడా దావాలోని పక్షం చేసిన బదిలీకే వర్తిస్తుంది. ఈ తేడా తెలియక ఆ సర్వే నంబర్లలో ఉన్నామన్న ఒక్క కారణంతో భయపడి ఇల్లు చవగ్గా అమ్ముకున్నవారూ ఉంటారు, కేసు తేలిపోయిందన్న ధీమాతో కొన్నవారూ ఉంటారు.

కొనేముందు కేసు ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ ఉపన్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మనవాళ్లు ఆధారపడేది ఈసీ మీద. ఈసీ అంటే సబ్ రిజిస్ట్రార్ పుస్తకాల్లో రిజిస్టరైన లావాదేవీల జాబితా. అమ్మకం, తనఖా, దానం, విడుదల పత్రం ఉంటే కనిపిస్తాయి. కోర్టు జప్తు ఉత్తర్వు సబ్ రిజిస్ట్రార్‌కు చేరి నమోదైతే అదీ కనిపించవచ్చు. కానీ దావా లావాదేవీ కాదు. కోర్టులో ప్లెయింటు పడితే ఆ కబురు దానంతటది రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లే ఏర్పాటు మన రెండు రాష్ట్రాల్లో లేదు. కాబట్టి నిల్ ఈసీ చూసి కేసుల్లేవని నమ్మడం, కళ్లద్దాల షాపులో గుండె పరీక్ష చేయించుకోవడం లాంటిది.

రెండో దారి ఈకోర్ట్స్ వెబ్‌సైట్, services.ecourts.gov.in. అక్కడ జిల్లా కోర్టుల కేసులను పక్షం పేరుతో వెతకవచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం, సంవత్సరం ఎంచుకుని పేరు కొట్టాలి. ఇది చాలా ఉపయోగకరమైన సాధనం, కానీ దాని పరిమితులు తెలియకపోతే ప్రమాదకరం. సర్వే నంబరుతోనో ప్లాటు నంబరుతోనో వెతికే వీలు అక్కడ లేదు. పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా ఎక్కిస్తే అలాగే ఉంటుంది. వెంకటేశ్వరరావు అన్న ఒక్క పేరును గుమాస్తాలు ఎన్ని రకాలుగా రాస్తారో తెలుగువారికి తెలుసు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది. అందుకని పూర్తి పేరు కొట్టకుండా మొదటి కొన్ని అక్షరాలే కొట్టి, వచ్చిన జాబితాను ఓపిగ్గా చదవాలి. ఆస్తి ఉన్న చోటి కోర్టు సముదాయాన్నే చూడాలి, అమ్మేవారు నివసించే ఊరి కోర్టును కాదు. దావా వేసిన సంవత్సరం తెలియదు కనుక సంవత్సరాలు మారుస్తూ వెతకాలి. పెండింగు కేసులే కాదు, తేలిపోయినవీ చూడాలి. తేలిపోయిన కేసు మీద అప్పీలు ఉండవచ్చు, డిక్రీ అమలు కోసం ఈపీ నడుస్తుండవచ్చు.

అమ్మే మనిషి ఒక్కడి పేరు వెతికితే చాలదు. అతని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లి, అతనికి ఆస్తి అమ్మినవారు, వారికి ముందువారు, అందరి పేర్లూ వెతకాలి. పాత యజమాని మీద దావా నడుస్తుండగా ఇప్పటి అమ్మకందారు కొని ఉంటే, అతనూ ఆ దావాకు లోబడినవాడే, అతని నుంచి కొన్నవారూ అంతే. వక్ఫ్ ట్రిబ్యునల్, దేవాదాయ ట్రిబ్యునల్, బ్యాంకు బకాయిల డీఆర్‌టీ, రెవెన్యూ కోర్టుల్లోని వివాదాలు ఈ జిల్లా కోర్టుల వెతుకులాటలో దొరుకుతాయని అనుకోకూడదు. వాటిని విడిగా విచారించాలి.

వెబ్‌సైట్ చెప్పనిది ఊరు చెబుతుంది. సరిహద్దు రైతును అడిగితే ఆ చెల్లెలు ఏడ్చుకుంటూ వెళ్లిన రోజు కూడా చెబుతాడు. పత్రికలో ప్రకటన ఇస్తే లిస్ పెండెన్స్ నుంచి రక్షణ రాదు గానీ, దాక్కున్న హక్కుదారు బయటికి వచ్చే అవకాశం ఉంటుంది. అమ్మేవారి కుటుంబంలోని ఆడవాళ్లంతా సంతకం పెడతారా అని సూటిగా అడగాలి. ఆ ప్రశ్నకు అమ్మేవాడు తడబడితే బయానా ఇవ్వకూడదు. లింకు దస్తావేజు అసలు కోర్టులో ఉందన్నా, రిజిస్ట్రేషన్ వద్దు జీపీఏ చాలన్నా ఆగి విచారించాలి.

బిల్డర్ దగ్గర ఫ్లాటు కొనేవారికి కొంత మెరుగైన స్థితి ఉంది. 2016 నాటి రెరా చట్టం 18వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం, భూమి హక్కులో లోపం వల్ల కొనుగోలుదారుకు నష్టం వస్తే బిల్డర్ పరిహారం ఇవ్వాలి, ఆ దావాకు కాలపరిమితి అడ్డు రాదు. ఇది అరుదైన రక్షణ. మామూలు వ్యక్తుల దగ్గర ప్లాటు కొనేవారికి ఇలాంటిది లేదు.

ఒకవేళ కొన్నాక కేసు బయటపడితే? చాలామంది అమ్మినవాడి ఇంటి చుట్టూ తిరుగుతూ విలువైన నెలలు పోగొట్టుకుంటారు. అమ్మినవాడి మీద చర్యలు తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. హక్కులోని లోపాన్ని చెప్పడం అమ్మేవారి బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. దాచి అమ్మితే సొమ్ము వాపసుకూ నష్టపరిహారానికీ దావా వేయవచ్చు, మోసం కింద క్రిమినల్ కేసు పెట్టవచ్చు. కానీ మొదట చేయవలసింది అది కాదు. నడుస్తున్న దావాలో తనను పక్షంగా చేర్చమని వెంటనే పిటిషన్ వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒకటో ఆర్డర్ పదో రూలు, ఇరవై రెండో ఆర్డర్ పదో రూలు ఇందుకు దారి చూపుతాయి. థామ్సన్ ప్రెస్ వర్సెస్ నానక్ బిల్డర్స్ కేసులో 2013లో సుప్రీంకోర్టు దావా మధ్యలో కొన్న సంస్థను పక్షంగా చేర్చుకోవడానికి అంగీకరించింది. అయితే అమ్మినవాడికి ఉన్న వాదనలే కొన్నవారికీ ఉంటాయని, వాటికి మించి కొత్త వాదన తేలేరని హద్దు గీసింది. హద్దు ఉన్నా సరే, అమ్మినవాడు మానేసిన వాయిదాకు కొన్నవారు హాజరు కావచ్చు, సాక్షిని ప్రశ్నించవచ్చు, అప్పీలుకు వెళ్లవచ్చు, కమిషనర్ ముందు నిలబడవచ్చు. ఆ ఉద్యోగికి 2 ఎకరాలైనా మిగలడానికి ఇదే దారి.

ఈ సూత్రాన్ని ఆయుధంగా వాడుకునేవారూ ఉన్నారన్నది నిజం. అమ్మకం జరగబోతోందని తెలిసి, నకిలీ అగ్రిమెంటుతో ఒక దావా పడేసి, యజమాని మెడ వంచి సొమ్ము లాగుతారు. దానికి విరుగుడు ఆ సెక్షన్‌లోనే ఉంది. కోర్టు అనుమతితో, కోర్టు పెట్టే షరతులతో బదిలీ చేయవచ్చని అందులో స్పష్టంగా రాశారు. వాదికి నష్టం రాకుండా పూచీకత్తు తీసుకుని ఆస్తిని ఈ బంధం నుంచి విడుదల చేసే అధికారాన్ని కోర్టులు వాడాలని సుప్రీంకోర్టు 2010లో చూపింది. మన జిల్లాల్లో ఈ పిటిషన్ వేసే న్యాయవాదులు తక్కువ. నిజాయితీగల యజమానులు ఈ దారి ఉందని తెలుసుకోవాలి.

అదే 2010 డిసెంబరులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ రాసిన మరో తీర్పు ఈ సమస్య మూలాన్ని పట్టుకుంది. తాకట్టు ఉందో లేదో తెలుసుకోవడానికి ఈసీ ఉంది, దావా ఉందో లేదో తెలుసుకోవడానికి కొనేవారికి నమ్మకమైన ఏర్పాటు లేదని, దీనివల్ల అమాయకులు నష్టపోతున్నారని ఆ తీర్పు చెప్పింది. చట్టాన్ని సవరించాలని లా కమిషన్‌ను, పార్లమెంటును కోరింది. సవరణ ఎలా ఉండాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. బొంబాయి ప్రాంతం 1939లోనే ఆ పని చేసింది. అక్కడి సవరణ ప్రకారం దావా వేసినవారు ఆ దావా గురించిన నోటీసును రిజిస్టర్ చేయించాలి. యజమాని పేరు, ఆస్తి వివరం, ఏ కోర్టు, ఏ దావా, ఎప్పుడు వేశారు అన్నవి అందులో ఉండాలి. రిజిస్టర్ చేయిస్తేనే 52వ సెక్షన్ రక్షణ దక్కుతుంది. మహారాష్ట్ర, గుజరాత్‌లలో కొనేవారు ఇలాంటి నోటీసు కోసం రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో వెతకగలుగుతున్నారు. భారం వాది మీద పడుతుంది, అది న్యాయమే. తన దావా గురించి వాదికి తెలిసినంతగా దారిన పోయే కొనుగోలుదారుకు తెలియదు.

ఆస్తి బదిలీ, దస్తావేజుల రిజిస్ట్రేషన్ రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలో ఆరో అంశం. వ్యవసాయ భూమి బదిలీ రాష్ట్ర జాబితాలోనే ఉంది. అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు పార్లమెంటు సవరణ కోసం ఎదురుచూడనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ సెక్షన్‌ను తెచ్చి ప్రభుత్వ భూముల అమ్మకాన్ని అడ్డుకున్న మన శాసనసభకు, దావా నోటీసు రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసే సవరణ అసాధ్యం కాదు. ఆ సవరణ కోసం రెండు రాష్ట్రాల న్యాయవాద సంఘాలు తీర్మానాలు చేసి, తమ శాసనసభ్యులకు ముసాయిదాతో సహా పంపాలని ఈ ఉపన్యాసం విజ్ఞప్తి చేస్తోంది.